స్క్రీన్ మీద సున్నా కనిపిస్తే డబ్బు పోయినట్టు కాదు

పదేళ్లకు పైగా తిరిగి చూడని సేవింగ్స్ ఖాతా గురించి అడగడానికి వెళ్తే బ్యాంకు కౌంటర్‌లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇందులో ఏమీ లేదండీ, బ్యాలెన్స్ సున్నా." చెప్పేవాళ్లు అబద్ధం ఆడటం లేదు. వాళ్ల స్క్రీన్ మీద నిజంగానే సున్నా ఉంటుంది. కానీ ఆ మాట విని వెనక్కి తిరిగొచ్చిన ప్రతివాళ్లూ తమ డబ్బు తామే వదిలేసుకున్నట్టు. నా వాదన ఇంతే: పాత ఖాతా మూయడానికి వెళ్లేవాళ్లు "మూసెయ్యండి" అని మొదలుపెట్టకూడదు. "ఈ సున్నా ఎప్పుడు, ఎలా అయిందో స్టేట్‌మెంట్ ఇవ్వండి" అని మొదలుపెట్టాలి. మూసివేత చివరి పని.

సున్నా ఎలా అవుతుందో ముందు చెబుతాను. ఖాతాదారు తనంతట తాను రెండేళ్లకు మించి ఏ లావాదేవీ చేయకపోతే ఆ ఖాతాను బ్యాంకు ఇనాపరేటివ్ కింద పెడుతుంది. మామూలుగా మనం డార్మెంట్ అంటాం. బ్యాంకు వడ్డీ వేసినా, ఛార్జీ కోసినా అది మన లావాదేవీ కింద లెక్క కాదు. అలాగే పదేళ్లు గడిస్తే, ఖాతాలో ఉన్న మొత్తం వడ్డీతో సహా రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కి వెళ్తుంది. 2014లో పెట్టిన ఏర్పాటు ఇది. డబ్బు అక్కడికి వెళ్లిన రోజున బ్రాంచి పుస్తకాల్లో మన ఖాతా ఖాళీ అవుతుంది. స్టేట్‌మెంట్‌లో చివరి వరస చూస్తే DEAF అనే అక్షరాలతో ఒక డెబిట్ ఉంటుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్లు బ్యాలెన్స్ గడి ఒక్కటే చూస్తే సున్నా. ఆ పై వరస చూస్తే మొత్తం కథ తెలుస్తుంది.

2024 మార్చి చివరికి ఈ ఫండ్‌లో పోగైన సొమ్ము 78 వేల కోట్ల రూపాయలు దాటింది. అంతకు ముందు ఏడాది 62 వేల కోట్ల పైచిలుకు. డబ్బు ఫండ్‌కి వెళ్లినా అది మనదే. అడగడానికి గడువు లేదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మనం రిజర్వ్ బ్యాంకు చుట్టూ తిరగక్కర్లేదు. మన బ్యాంకే ముందు మనకి ఇచ్చి, తర్వాత ఫండ్ నుంచి రాబట్టుకోవాలి. "డబ్బు ఆర్‌బీఐకి వెళ్లిపోయింది, వాళ్లని అడగండి" అని ఎవరైనా అంటే, రూల్ అది కాదని నెమ్మదిగానే చెప్పొచ్చు.

మా పిన్ని విషయంలో ఇదంతా దగ్గరుండి చూశాను. బ్యాంకు పేరు రాయను, ఎందుకంటే ఏ బ్యాంకులోనైనా ఇలాగే జరిగే అవకాశం ఉంది. పిన్నిది తెనాలి దగ్గర పల్లె. పెళ్లికి ముందు ఒక ప్రైవేట్ స్కూల్లో పాఠాలు చెప్పేది. ఆ రోజుల్లో దగ్గర్లోని బ్రాంచిలో ఖాతా తెరిచింది. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక కూడా పుట్టింటికి వెళ్లినప్పుడల్లా కొంత వేస్తూ ఉండేది. 2009 ఏప్రిల్‌లో కొంత తీసుకుంది, అదే ఆఖరు. అప్పటికి ఖాతాలో 24 వేల చిల్లర. తర్వాత అమ్మమ్మ పోయింది, ఊరికి రాకపోకలు తగ్గాయి, బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయింది. మొన్న బీరువా సర్దుతుంటే పాస్‌బుక్ బయటపడింది.

బ్యాంకులు కలిసిపోవడం మనవాళ్లకి పెద్ద తికమక. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. గ్రామీణ బ్యాంకులైతే మరీ ఈ మధ్యే. చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి గ్రామీణ బ్యాంకులు, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు కలిసి 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బోర్డు మారినంత మాత్రాన బాధ్యత మారదు. పాత బ్యాంకు ఇవ్వాల్సింది కొత్త బ్యాంకు ఇవ్వాలి. పాస్‌బుక్ మీద చేత్తో రాసిన నాలుగైదు అంకెల నంబర్ చూసి "ఇది మా నంబర్ కాదు" అంటే కంగారు పడొద్దు. కంప్యూటర్లు వచ్చినప్పుడు పాత లెడ్జర్ నంబర్‌కి బదులు పొడుగాటి కొత్త నంబర్ ఇచ్చారు. పాత నంబర్, బ్రాంచి పేరు, ఖాతా తెరిచిన తేదీ ఇస్తే వెతకడానికి ఆధారం దొరికినట్టే.

పాస్‌బుక్ కూడా లేనివాళ్లకి ఉద్గమ్ పోర్టల్ ఉంది. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో తెచ్చింది, చిరునామా udgam.rbi.org.in. మొబైల్ నంబర్‌తో రిజిస్టర్ అయి, ఖాతాదారు పేరు, దాంతో పాటు పాన్, ఓటర్ కార్డు, పుట్టిన తేదీ లాంటివాటిలో ఏదో ఒకటి ఇచ్చి వెతకాలి. దొరికితే బ్యాంకు పేరు, ఒక రిఫరెన్స్ నంబర్ వస్తాయి. దాన్ని యూడీఆర్‌ఎన్ అంటారు, రాసి పెట్టుకోవాలి. పోర్టల్ డబ్బు ఇవ్వదు, ఎక్కడుందో చెబుతుందంతే. అది కూడా పదేళ్లు దాటి ఫండ్‌కి చేరినవే, అందులో చేరిన బ్యాంకులవే చూపిస్తుంది. ఆరేళ్లుగా వదిలేసిన ఖాతా అందులో కనిపించకపోతే అది లేనట్టు కాదు.

అసలు చిక్కు పేరుతో వస్తుంది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక్కి పోతుంది. పాస్‌బుక్‌లో ఒక్క ఇనీషియల్, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా. పద్మావతి అనే పేరు ఇంగ్లీషులో ఒకచోట Padmavathi, ఇంకోచోట Padmavati. పిన్ని పాస్‌బుక్‌లో పుట్టింటి ఇనీషియల్ ఉంది, ఆధార్‌లో అత్తింటి పేరుంది. ఉద్గమ్‌లో ఇప్పటి పేరుతో కొడితే ఏమీ రాలేదు. పుట్టింటి ఇంటిపేరు వేసి, స్పెల్లింగ్ మార్చి, పుట్టిన తేదీతో కొట్టినా రాలేదు. ఖాతా తెరిచిన కాలంలో ఫారంలో పుట్టిన తేదీ సరిగ్గా ఎక్కించి ఉండకపోవచ్చు, పాన్ అసలే లేదు. పోర్టల్ పోల్చి చూసుకోవడానికి అవతల ఏదో ఒకటి ఉండాలి కదా. ఇంట్లో వాళ్లు "వదిలెయ్ పిన్నీ, ఎంతుంటుంది" అన్నారు. పాస్‌బుక్ చేతిలో ఉంది కాబట్టి మేం నేరుగా బ్యాంకుకే వెళ్లాం.

ఇంటి దగ్గర బ్రాంచిలో మొదటి జవాబు: "తెనాలి వైపు బ్రాంచి కదా, అక్కడికే వెళ్లాలి." 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం, కేవైసీ ఇచ్చి ఖాతాను మళ్లీ పని చేయించుకోవడానికి ఏ బ్రాంచికైనా వెళ్లొచ్చు. దానికి ఛార్జీ తీసుకోకూడదు. కాగితాలన్నీ సరిగ్గా అందాక మూడు పనిదినాల్లో పూర్తి చేయాలి. డార్మెంట్ ఖాతాలో మినిమమ్ బ్యాలెన్స్ లేదని జరిమానా కోయకూడదు. ఈ మాటలు చెప్పాక నంబర్ వెతికారు. అప్పుడొచ్చింది రెండో జవాబు, నేను మొదట్లో చెప్పిన సున్నా. "క్లోజ్ చేసెయ్యమంటారా అమ్మా?" అని ఫారం కూడా తీశారు. పిన్ని సంతకం పెట్టేదే. "ఆగు పిన్నీ" అని నేను స్టేట్‌మెంట్ అడిగాను.

ఇక్కడ బ్యాంకు వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఎవరూ అడగని ఖాతా అంటే దొంగలకి ఇష్టమైన ఖాతా. బయటి దొంగలకే కాదు, లోపలివాళ్లకి కూడా. డబ్బు పోయినా ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు. అందుకే ఇలాంటి ఖాతాను తెరిచాక కనీసం ఆరు నెలల పాటు దాని లావాదేవీల మీద పైస్థాయి నుంచి ఓ కన్నేసి ఉంచాలని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. బ్రాంచిలో ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు ఓకే చేయాలి. కౌంటర్ మీద ఉన్న అమ్మాయి పాతికేళ్ల కిందటి సంతకం కార్డు చూసి, తెలుగులో గుండ్రంగా పెట్టిన సంతకానికి, ఇప్పటి ఇంగ్లీషు గీతకి పోలిక వెతుక్కోవాలి. తప్పు జరిగితే ఆమె ఉద్యోగానికే ముప్పు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే ఆ జాగ్రత్త డబ్బు ఇచ్చేముందు చూపించాలి. పాస్‌బుక్, ఆధార్ పట్టుకొని ఎదురుగా నిలబడ్డ మనిషికి "ఏమీ లేదు" అని చెప్పి పంపేయడంలో ఏ జాగ్రత్తా లేదు. ఉన్నదాన్ని ఉందని చెప్పి, అది మీదేనని రుజువు చేయమని అడిగితే ఎవరికీ నష్టం లేదు.

స్టేట్‌మెంట్ వచ్చాక చూస్తే వడ్డీ పడుతూనే ఉంది. డార్మెంట్ అయినా సేవింగ్స్ వడ్డీ ఆపకూడదని రూల్. 24 వేల చిల్లర 2019 నాటికి 35 వేల దగ్గరికి చేరింది. సేవింగ్స్ వడ్డీ 2011 మే దాకా మూడున్నర శాతం, ఆ తర్వాత చాలా ఏళ్లు నాలుగు శాతం, అదీ వడ్డీ మీద వడ్డీ కలుస్తూ. కాబట్టి ఆ అంకె సరిపోయింది. 2019 మే చివర మొత్తం డెబిట్, పక్కన DEAF. తర్వాత వరసలు లేవు.

రుజువు చేసుకోవడం అంత కష్టం కాలేదు, కానీ ఒక కాగితం దగ్గర ఆగింది. పెళ్లి తర్వాత పేరు మారితే, ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ, పేరు మార్పు గెజిట్ గానీ చూపిస్తే చాలని కేవైసీ నియమాల్లో ఉంది. పిన్నికి ఆ సర్టిఫికెట్ లేదు. ఆ తరంలో ఎవరు చేయించుకున్నారు గనక. పాత పెళ్లినైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువులు, సాక్షులు కావాలి. బాబాయి శుభలేఖ దాచి ఉంచడం వల్ల పని జరిగింది. మీ ఇంట్లో ఆడవాళ్ల పాత ఖాతా ఏదైనా ఉంటే, బ్యాంకుకి వెళ్లేముందే ఈ సర్టిఫికెట్ సంగతి చూసుకోండి. మిగతావన్నీ, అంటే ఆధార్, పాన్, ఫొటోలు, క్లెయిమ్ ఫారం, కొత్త సంతకం నమూనా, ఒక్కసారిలో అయిపోతాయి.

కేవైసీ ఫారం నింపేటప్పుడు ఒక గడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆధార్‌ను గుర్తింపు కోసం ఇవ్వడం వేరు. ప్రభుత్వ డబ్బులు ఈ ఖాతాలో పడాలని ఆధార్ సీడింగ్‌కి ఒప్పుకోవడం వేరు. గ్యాస్ సబ్సిడీ, పీఎం కిసాన్ లాంటివి ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు సీడ్ అయి ఉంటే అక్కడికి వెళ్తాయి. మూసేయబోయే ఖాతాకి ఆ గడిలో టిక్ పెడితే, తర్వాత వచ్చే డబ్బులు దారి తప్పుతాయి. పిన్ని గ్యాస్ డబ్బులు పడేది వేరే బ్యాంకులో కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాను. కౌంటర్‌లో అలవాటుగా టిక్ పెట్టబోయారు.

తర్వాత మెసేజ్ వచ్చింది, ఖాతా యాక్టివ్ అయిందని. డబ్బు కూడా పడింది: ఫండ్‌కి వెళ్లిన 35 వేలు, సరిగ్గా అంతే. సంతోషపడి మూసేసుకోవాల్సిన చోటు ఇదే అని చాలామంది అనుకుంటారు. కానీ వడ్డీ ఉన్న డిపాజిట్ ఫండ్‌కి వెళ్లాక కూడా వడ్డీ వస్తుంది, మనకి చెల్లించే రోజు దాకా. రేటు రిజర్వ్ బ్యాంకు చెబుతుంది, చక్రవడ్డీ కాదు, మామూలు వడ్డీ. మొదట్లో నాలుగు శాతం ఉండేది. 2018 జులై నుంచి మూడున్నర, 2021 మే 11 నుంచి మూడు శాతం.

లెక్క వేయడం చాలా తేలిక. 35 వేల మీద మూడున్నర శాతం అంటే ఏడాదికి 1,225. 2019 జూన్ నుంచి 2021 మే 10 దాకా రెండేళ్లకి ఓ మూడు వారాలు తక్కువ, అంటే సుమారు 2,380 రూపాయలు. తర్వాత మూడు శాతం, ఏడాదికి 1,050. అప్పటి నుంచి మేం క్లెయిమ్ తీసుకున్న 2025 నవంబర్ దాకా నాలుగున్నరేళ్లు, అంటే 4,725. రెండూ కలిపితే 7,100 రూపాయలు. అవి పడలేదు. అడిగితే "ట్రాన్స్‌ఫర్ అయిందే ఇచ్చాం కదా సార్" అన్నారు. లెక్క కాగితం మీద వేసి, తేదీలు, రేట్లు రాసి, మేనేజర్‌కి దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాం. కొన్నాళ్లకి ఆ ఏడు వేల పైచిలుకు కూడా పడింది. క్షమాపణ, వివరణ ఏమీ రాలేదు, అది వేరే సంగతి.

అలా పడకపోతే ఇంకో మెట్టు ఉంది. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లో cms.rbi.org.in లో, పైసా ఖర్చు లేకుండా. అక్కడ పని చేసేది ముద్ర పడిన ఆ రెండో కాపీయే. నోటి మాటకి అక్కడ విలువ లేదు.

ఒక చిన్న విడ్డూరం చెప్పాలి. 2025 జూన్ నుంచి ఎస్‌బీఐ సేవింగ్స్ వడ్డీ రెండున్నర శాతం. అంటే ఎవరికీ పట్టని ఫండ్‌లో పడుకున్న డబ్బుకి, రోజూ వాడుకునే ఖాతాలో డబ్బుకంటే అర శాతం ఎక్కువ రేటు! అలాగని అక్కడే ఉంచమని కాదు. 2009లో ఆ 24 వేలు ఏ పోస్టాఫీసు డిపాజిట్‌లోనో వేసి ఉంటే ఎంతయ్యేదో పిన్ని నన్ను అడిగింది. నేను చెప్పలేదు, ఆమె మనసు పాడు చేయడం ఎందుకని.

ఖాతాదారు చనిపోయి ఉంటే దారి వేరు. నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు, క్లెయిమ్ ఫారం చాలు. నామినీ లేకపోయినా, వీలునామా గొడవలు ఏమీ లేకపోతే, వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ అడక్కుండా తేలిక పద్ధతిలో ఇవ్వాలని 2025 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. ఇరవై వేల కోసం కోర్టుకి వెళ్లమని ఎవరైనా అంటే ఆ ఆదేశాలు వాళ్లకి చూపించండి.

మధ్యవర్తుల గురించి కూడా ఒక మాట. "మీ పాత డిపాజిట్ తెప్పిస్తాం, పది శాతం ఇవ్వండి" అనేవాళ్లు, "మీ ఖాతా డార్మెంట్ అయింది, ఈ లింక్ నొక్కండి" అనే మెసేజ్‌లు, రెండూ వద్దు. యాక్టివేషన్‌కి బ్యాంకే డబ్బు తీసుకోకూడదన్నప్పుడు వీళ్లకి ఇవ్వడం దేనికి.

ఇక మూసివేత. అంతా సరిగ్గా పడ్డాకే పిన్ని క్లోజింగ్ ఫారం మీద సంతకం పెట్టింది. అప్పటికి మిగిలింది అరగంట పని. పాత పాస్‌బుక్, వాడని చెక్కులు తిరిగి ఇచ్చాం. ఏటీఎం కార్డు ఆ ఖాతాకి ఎప్పుడూ లేదు. పాస్‌బుక్ ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసుకున్నాం. ఆ రోజు దాకా వడ్డీ కలిపి మొత్తం ఆమె వేరే ఖాతాకి పంపమని ఫారంలోనే రాశాం, నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ తప్పు లేకుండా రెండుసార్లు చూసుకొని. ఖాతా మూసినట్టు బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఒక కాగితం అడిగాం. "మెసేజ్ వస్తుంది కదమ్మా, కాగితం ఎందుకు" అన్నారు. "మెసేజ్ ఫోన్ మారిస్తే పోతుంది, కాగితం ఇవ్వండి" అంది పిన్ని. ఇచ్చారు.